22 శాతం రాబడి 15 శాతానికి ఎలా దిగింది?

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ఒక కోల్డ్ స్టోరేజీ కోటి రూపాయలతో కొత్త గది కట్టాలనుకుంది అనుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే. మొదటి ఏడాది చివర 40 లక్షలు, రెండో ఏడాది 50 లక్షలు మిగులుతాయి. మూడో ఏడాది కంప్రెసర్ మార్చాలి కాబట్టి, అద్దెలు వచ్చినా చివరికి 20 లక్షలు ఎదురు పెట్టాల్సి వస్తుంది. నాలుగో ఏడాది 60, ఐదో ఏడాది 50 లక్షలు చేతికొస్తాయి.

దీని అంతర్గత రాబడి రేటు, అంటే ఐఆర్‌ఆర్, సుమారు 22.4 శాతం. ప్రాజెక్టు రిపోర్టులో చూడ్డానికి బాగుంటుంది. కానీ కోటి రూపాయలు ఐదేళ్లూ ఏటా 22.4 శాతం చొప్పున పెరుగుతాయని దాన్ని చదివితే, మొదటి ఏడాది వచ్చిన 40 లక్షలు కూడా మిగతా నాలుగేళ్లూ అదే వేగంతో పెరిగి దాదాపు 90 లక్షలు కావాలి. అంత రాబడి ఇచ్చే రెండో గది పక్కనే సిద్ధంగా ఉండదు. ఆ డబ్బు 7 శాతం డిపాజిట్‌లో పడితే అయ్యేది 52.4 లక్షలే.

సవరించిన రేటు, ఎంఐఆర్‌ఆర్, ఇక్కడే రెండు వేర్వేరు రేట్లు అడుగుతుంది: పెట్టే డబ్బు మీకు ఎంతకు దొరుకుతుంది, వచ్చిన డబ్బు ఎంత సంపాదిస్తుంది? అప్పు 11 శాతానికి, డిపాజిట్ 7 శాతానికి అనుకుందాం.

ముందు ఖర్చులన్నీ ఈ రోజు విలువకు తేవాలి. మూడో ఏటి 20 లక్షలను 11 శాతంతో వెనక్కి లెక్కిస్తే 14.62 లక్షలు. కోటితో కలిపితే 114.62 లక్షలు. తర్వాత రాబడులన్నీ ఐదో ఏడాది చివరికి తీసుకెళ్లాలి. 7 శాతంతో 40 లక్షలు 52.43 అవుతాయి, 50 లక్షలు 61.25, 60 లక్షలు 64.20. ఆఖరి 50 లక్షలకు పెరిగే వ్యవధి లేదు. మొత్తం 227.88 లక్షలు. అంటే ఐదేళ్లలో 114.62 కాస్తా 227.88 అయింది, 1.988 రెట్లు. దాని ఐదో మూలం 1.1473. రాబడి 14.73 శాతం.

గది అదే, మిర్చి బస్తాలూ అవే. 22.4కీ 14.73కీ మధ్య తేడా ఎక్కువగా ఆ 7 శాతం నుంచే వచ్చింది. అందుకే ఆ రేటు మీద వాదించాలి. మిగులును డిపాజిట్‌లో వేయకుండా ఈ అప్పునే ముందుగా తీర్చేస్తే ప్రతి రూపాయీ 11 శాతం వడ్డీని తప్పిస్తుంది. అప్పుడు రెండో రేటు కూడా 11 శాతమే, ఎంఐఆర్‌ఆర్ 16.47కి చేరుతుంది. అయితే ఇది తీర్చడానికి అప్పు మిగిలి ఉన్నంతవరకే.

అప్పు రేటు సంగతి కొంచెం చిత్రం. బ్యాంకు వడ్డీ 11 నుంచి 15కి పెంచితే ఎంఐఆర్‌ఆర్ తగ్గాలి కదా? పెరుగుతుంది, 15.03 శాతం అవుతుంది. మూడో ఏటి ఖర్చును ఎక్కువ రేటుతో వెనక్కి లెక్కించినప్పుడు దాని నేటి విలువ చిన్నదైపోతుంది కాబట్టి. వడ్డీ పెరిగి ప్రాజెక్టు బాగుపడిందని ఎవరైనా ఈ అంకె చూపిస్తే నమ్మకండి. చూడాల్సింది అప్పు ఖర్చుకూ రాబడికీ మధ్య ఎడం. ముందు అది 3.73 శాతం పాయింట్లు, ఇప్పుడు 0.03. మధ్యలో ఖర్చే లేని ప్రాజెక్టులో ఈ రేటు ఎంత పెట్టినా జవాబు కదలదు. మొదటి పెట్టుబడి ఎలాగూ నేటి విలువలోనే ఉంటుంది.

ఎక్సెల్‌లో B2 నుంచి B7 దాకా ఆరు మొత్తాలు వరుసగా, పెట్టినవి రుణ గుర్తుతో వేసి ఇలా రాయాలి:

```
=MIRR(B2:B7, 11%, 7%)
```

మొదట అప్పు రేటు, తర్వాత తిరిగి పెట్టే రేటు. తారుమారు చేసినా ఎక్సెల్ ఏమీ అనదు, నిశ్శబ్దంగా 16.13 శాతం చూపిస్తుంది. పట్టుకోవాలంటే చివరి రేటును ఒక శాతం పెంచి చూడండి, తర్వాత మధ్య రేటును. ఇలాంటి ప్రాజెక్టులో చివరిది జవాబును బాగా కదుపుతుంది, మధ్యది కాస్తే కదుపుతుంది. కాబట్టి మీరు అప్పు రేటు అనుకుని మార్చిన అంకెకు జవాబు గట్టిగా ఎగిరితే, ఆ రెండూ ఒకదాని చోట ఒకటి పడ్డాయి.