కనుమ నాటి కొవ్వు ముక్క

మా బంటి స్పిట్జ్ జాతి కుక్క. 8 ఏళ్ల వయసు, 11 కిలోల బరువు. కనుమ నాడు మా ఇంట్లో గారెలు, వేటకూర. మాంసం శుభ్రం చేస్తూ పక్కన పెట్టిన కొవ్వును మా అత్తయ్య "పండగపూట దానికీ నోరుంటుంది కదమ్మా" అంటూ దాని గిన్నెలో వేశారు. 50 గ్రాములు ఉంటుందేమో. బరువుల లెక్కన చూస్తే, 60 కిలోల మనిషి పావుకిలోకు పైగా వట్టి కొవ్వు ఒక్కసారే మింగినట్టు.

మర్నాడు తెల్లవారుజామున పసుపుపచ్చ నురగ కక్కింది. కక్కేస్తే తేలికపడుతుందిలే అనుకున్నాం. మధ్యాహ్నానికి నాలుగుసార్లయింది, తాగిన నీళ్లు కూడా నిలవలేదు. అప్పుడు వరండాలో అది ఉన్న తీరు చూశాను. ముందుకాళ్లు చాచి, ఛాతీ నేలకు ఆనించి, వెనకభాగం పైకి లేపి అలాగే ఉండిపోయింది. ఒళ్లు విరుచుకుంటోందన్నారు మావారు. ఒళ్లు విరుచుకునే కుక్క రెండు క్షణాల్లో లేచి తోక ఊపుతుంది. ఇది కదల్లేదు. పొట్ట మీద చెయ్యి వేయబోతే గుర్రుమంది. నా మీద అది గుర్రుమనడం అదే మొదటిసారి.

కడుపునొప్పి ఓర్చుకోలేని కుక్క అలా వంగుతుంది. అన్ని కుక్కలూ ఆ భంగిమ పెట్టవు. కొన్ని వీపు గూనిగా పెట్టి నడుస్తాయి, కొన్ని మూల చేరి అన్నం ముట్టవు, కొన్నిటికి విరేచనాలవుతాయి. కొవ్వు తిన్న ఒకటి రెండు రోజుల్లో వాంతులు ఆగకుండా అవుతుంటే, కుక్క నీరసపడి తిండి మానేస్తే, ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. మేం సగం రోజు పోగొట్టుకున్నాం. పొట్ట చల్లబడుతుందని మధ్యలో పెరుగన్నం కూడా పెట్టాం, అదీ కక్కేసింది.

జబ్బు పేరు ప్యాంక్రియాటైటిస్, అంటే క్లోమగ్రంథి వాపు. కొవ్వునూ మాంసాన్నీ అరిగించే రసాలు ఈ గ్రంథిలోనే తయారవుతాయి. మామూలుగా అవి పేగులోకి చేరాకే పని మొదలుపెడతాయి. ఈ జబ్బులో గ్రంథిలో ఉండగానే రాజుకుని గ్రంథినే అరిగించడం మొదలుపెడతాయి. తీవ్రమైతే ఆ మంట ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి వస్తుంది.

డాక్టరు ముందు ఎక్స్‌రే తీశారు, పండగ ఎముక ఏదైనా పేగులో ఇరుక్కుందేమోనని. తర్వాత కుక్కల క్లోమానికే ప్రత్యేకించిన లైపేజ్ రక్తపరీక్ష, పొట్ట స్కానింగ్ చేశారు. మామూలు రక్తపరీక్షలో చూసే అమైలేజ్, లైపేజ్ అంకెలను మాత్రమే నమ్ముకుని ఈ జబ్బును తేల్చలేరు.

ఈ వాపును నేరుగా తగ్గించడానికి డాక్టర్లు ముఖ్యంగా ఆధారపడే మందు ఏదీ లేదు. గ్రంథి కోలుకునేదాకా ఒంటిని నిలబెట్టడమే వైద్యం. బంటికి నరంలోకి సెలైన్ ఎక్కించారు. వాంతులు ఆగడానికి మారోపిటాంట్ ఇంజెక్షన్, నొప్పికి విడిగా మరొకటి ఇచ్చారు. నొప్పి తగ్గితే తప్ప కుక్క తిండి జోలికి పోదు. ఇంట్లో ఉన్న మన నొప్పి మాత్రలు మాత్రం వేయకూడదు. ఇబుప్రోఫెన్, డైక్లోఫినాక్ లాంటివి కుక్కల కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను దెబ్బతీస్తాయి.

పూర్వం ఈ జబ్బుకు రోజుల తరబడి కడుపు మాడ్చేవారు. ఇప్పుడు వాంతులు అదుపులోకి రాగానే కొద్దికొద్దిగా పెట్టమంటున్నారు, ఎందుకంటే తిండి అందకపోతే పేగు గోడ బలహీనపడుతుంది. రెండో రోజు సాయంత్రం చర్మం, కొవ్వు తీసేసిన కోడి రొమ్ము మాంసాన్ని నూనె, ఉప్పు లేకుండా ఉడికించి, మెత్తటి అన్నంలో కలిపి ఒక చెంచా పెట్టాను. వాసన చూసి ఆగింది, తర్వాత నాకింది. ఆ మర్నాడు రోజువారీ తిండిలో నాలుగోవంతు మాత్రం, ఐదారుసార్లుగా పెట్టాం. నాలుగో రోజు ఇంటికి తెచ్చుకున్నాం.

ఒకసారి వచ్చిన కుక్కకు మళ్లీ రావడం తేలిక. అందుకే కోలుకున్నాక 12 గంటలు పస్తుంచి రక్తంలో ట్రైగ్లిజరైడ్లు చూశారు. గొట్టంలో పైన తేలిన ద్రవం పసుపుగా, తేటగా ఉండాల్సింది పాలలా తెల్లగా ఉంది. అంటే పరగడుపున కూడా బంటి నెత్తురులో కొవ్వు ఎక్కువే. ఇలాంటి కుక్కకు తక్కువ కొవ్వు తిండి జీవితాంతం తప్పదు. బరువు కూడా తగ్గించాలి.

తిండి కొనేటప్పుడు ప్యాకెట్ మీది కొవ్వు శాతాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే మోసపోతాం. మా దుకాణంలో తడి తిండి డబ్బా మీద కొవ్వు 5 శాతం అని ఉంటే సంబరపడ్డాను. అందులో 78 శాతం నీళ్లే. మిగిలిన 22 పాళ్ల పొడి పదార్థంలో 5 పాళ్లు కొవ్వంటే దాదాపు 23 శాతం. పొడి లెక్కన 10 శాతం దగ్గర ఉన్నది చూసుకోమన్నారు డాక్టరు.

ఇంట్లోవాళ్లకంటే చుట్టాలను ఆపడమే కష్టమైంది. ఉగాదికి బొబ్బట్టు మీద నెయ్యి వేస్తుండగా మా ఆడపడుచు కొడుకు చిన్న ముక్క తుంచి కిందికి వంగాడు. అత్తయ్యే వాడి చెయ్యి పట్టుకుని ఆపి, కీరదోసకాయ ముక్క చేతిలో పెట్టారు. చెత్తబుట్టకు ఇప్పుడు మూత ఉంది, వంటింటి గుమ్మానికి అడ్డుపలక ఉంది. బంటి నీళ్లు ఎక్కువగా తాగుతోందా అని కూడా రోజూ చూస్తున్నాం. క్లోమం పదేపదే దెబ్బతింటే ఇన్సులిన్ తగ్గి షుగరు రావచ్చు, దాని మొదటి గుర్తుల్లో ఆ దాహం ఒకటి.