వంశచరిత్ర పుస్తకంలో పేర్లు, తేదీలు – సమన్వయం ఎలా?

ఢిల్లీలోని ధౌలా కువాన్ మీదుగా ప్రతిదినం ప్రయాణించే తెలుగువారు అనేకులు. అక్కడ తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల ఉన్నందున మన వారికి ఆ పేరు సుపరిచితం. అయితే హిందీలో 'ధౌలా' అనగా తెల్లని, 'కువాఁ' అనగా బావి. చివర ఉన్నది అరసున్న వంటి అనునాసికమే గాని పొల్లు నకారం కాదు. ఇంగ్లీషులో దానిని సూచించడానికి 'ఎన్' అక్షరం చేర్చారు. ఇంగ్లీషు నుండి తెలుగులోనికి తెచ్చుకొన్న మనం ఆ అక్షరాన్ని పూర్తిగా పలికి 'కువాన్' అంటున్నాము. ఒక భాష నుండి మరొక భాషకు, అక్కడ నుండి మూడవ భాషకు ప్రయాణించిన పేరుకు కలిగే మార్పు ఇదే. పలువురు బంధువులు వ్రాసి పంపిన వివరాలతో వంశచరిత్ర పుస్తకం కూర్చేవారికి మొదట ఎదురయ్యే చిక్కు కూడా ఇదే.

పేర్ల సంగతి

తెలుగు లిపిలో హ్రస్వ దీర్ఘాలకు, త-ట, ద-డ వర్ణాలకు వేర్వేరు అక్షరాలున్నవి. ఇంగ్లీషులో ఆ భేదాలు నిలువవు. మన వారు 'త'కారానికి 'టి, హెచ్' అని రెండక్షరాలు వ్రాస్తారు. ఉత్తరాదివారికి ఆ రెండక్షరాలు 'థ'కారం. కనుక గ్రామంలో ఉన్న పెద్దమ్మ తెలుగులో 'సీతమ్మ' అని వ్రాసిన పేరు, ఢిల్లీలో పుట్టి పెరిగిన మనుమరాలి కాగితంలో ఇంగ్లీషు మీదుగా 'సీథమ్మ' అయి తిరిగి వస్తుంది. ఇది చూడగానే తెలిసిపోయే దోషం. ప్రమాదకరమైనది 'రామ', 'రమ' వంటిది. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే వర్ణక్రమం. ఒకరు పురుషుడు, మరొకరు స్త్రీ. ఆ కాగితాన్ని నమ్ముకొంటే వంశవృక్షంలో ఒక మేనత్త అదృశ్యమై, లేని ఒక చిన్నాన్న వెలుస్తాడు.

కనుక ఇంగ్లీషులో వచ్చిన పేరును వెంటనే తెలుగులో ఖాయం చేయరాదు. ఆ వ్యక్తి స్వయంగా చేసిన తెలుగు సంతకం, శుభలేఖ, దస్తావేజు, లేక తెలుగు మాత్రమే వ్రాయగల పెద్దవారి ఉత్తరం, వీనిలో ఒకటి దొరికే వరకు ఆ పేరు ప్రక్కన ప్రశ్నార్థకం ఉంచడం మేలు. పుస్తకంలో ప్రతి వ్యక్తికి ఒక ప్రధాన రూపం నిర్ణయించి, మిగిలిన రూపాలను దాని క్రింద చూపాలి. ఉద్యోగ పత్రాలలోను, పాస్‌పోర్టులోను ఉన్న వర్ణక్రమాన్ని మాత్రం సవరించకుండా యథాతథంగా పేర్కొనాలి. ఆ పత్రాలను బట్టి వెదకేవారికి అదే ఆధారం.

దీనికి విరుద్ధమైన దోషం మరొకటి ఉన్నది. పేర్లు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకడు కాడు. తాతగారి పేరు మనుమనికి పెట్టుకొనే ఆచారం ఉన్న కుటుంబంలో ముగ్గురు అన్నదమ్ముల కుమారులకు ఒకే తాతగారి పేరు ఉండవచ్చును. దత్తత వెళ్ళినవారి ఇంటిపేరు, గోత్రం రెండూ మారుతాయి. అందువలన పేరును గుర్తుగా గాక, తండ్రి పేరు, తల్లి పేరు, సంతానక్రమం ఆధారంగా ప్రతి వ్యక్తికి ఒక సంఖ్య కేటాయించి, అన్ని కాగితాలలోను ఆ సంఖ్యనే వేయాలి. అప్పుడు వర్ణక్రమం ఎన్ని మార్పులు పొందినా మనిషి మారడు.

తేదీల సంగతి

మన కుటుంబాలలో అన్నిటికంటె భద్రంగా నిలిచే వివరం మరణతిథి. ప్రతి సంవత్సరం ఆబ్దికం పెట్టవలసి ఉన్నందున మాసం, పక్షం, తిథి మరపునకు రావు. సంవత్సరంతో ఆబ్దికానికి పని లేదు గనుక అదే ముందుగా మరుగున పడుతుంది. పుస్తకానికి కావలసినది మాత్రం ఇంగ్లీషు తేదీ.

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఒక ముత్తాతగారి మరణాన్ని గ్రామంలోని పాత చిట్టాలో 'ఈశ్వర సంవత్సర పుష్య బహుళ పంచమి, శుక్రవారం' అని వ్రాశారనుకొందాం. ఈ వాక్యం నుండి ముగ్గురు బంధువులు మూడు జవాబులు పంపారు. ఒకరు '1937' అన్నారు. ఢిల్లీలో ఉన్నవారు '1937 డిసెంబరు' అన్నారు. మూడవవారు '1938 జనవరి' అన్నారు. ఇద్దరు 1937 అంటున్నారు గనుక అదే సరియని నిర్ణయించవచ్చునా?

మొదట సంవత్సరం చూద్దాం. అరువది సంవత్సరాల చక్రంలో ఈశ్వర 1877లోను, 1937లోను, 1997లోను వచ్చింది. ముత్తాతగారి సంతానం వయస్సులను బట్టి 1937 తప్ప మిగిలినవి పొసగవు. కాని తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలై మరుసటి ఉగాది ముందు వరకు ఉంటుంది. కనుక ఈశ్వర సంవత్సర పుష్యమాసం నడిచినది 1938 జనవరిలో. పట్టికలో 'ఈశ్వర – 1937' అని చూసి వ్రాసినవారు ఒక సంవత్సరం వెనుకకు జరిగారు. సాధారణంగా పుష్యం నుండి ఫాల్గుణం వరకు గల తిథులన్నిటికీ ఈ పొరపాటు జరుగుతుంది.

ఇక ఢిల్లీ లెక్క. మన మాసం అమావాస్యతో ముగుస్తుంది. ఉత్తరాది పంచాంగంలో మాసం పూర్ణిమతో ముగుస్తుంది. శుక్లపక్షంలో రెండింటి మాసనామం ఒకటే. బహుళపక్షంలో మాత్రం మన పుష్య బహుళం వారికి మాఘ కృష్ణపక్షం. తెలుగు చిట్టాలోని తిథిని ఢిల్లీ పంచాంగంలో 'పౌష కృష్ణ పంచమి'గా వెదకితే సరిగా ఒక చాంద్రమాసం ముందు, 1937 డిసెంబరు 22 ప్రాంతంలో దొరుకుతుంది. మొదటివారి 1937తో అది ఏకీభవించినది కేవలం కాకతాళీయం. రెండు వేర్వేరు పొరపాట్లు ఒకే చోటికి చేరాయి.

తీర్పు చెప్పగలది చిట్టాలోని వారం. 1938 జనవరిలో పూర్ణిమ 16వ తేదీ ఆదివారం. కాబట్టి బహుళ పంచమి 20, 21 తేదీలలో రావాలి. 21వ తేదీ శుక్రవారం. డిసెంబరు 22 బుధవారం. తిథి ఒకరోజు అటునిటు అయినా శుక్రవారం కుదరదు. కనుక 1938 జనవరి 21 సరియైన తేదీ. ఇది పుస్తకానికే గాక ఢిల్లీ శాఖవారికి కూడా ముఖ్యం. వారు స్థానిక పంచాంగం చూసి ఆబ్దికం ఒక నెల ముందుగా పెడుతూ ఉంటే, తేడా ఇక్కడ బయటపడుతుంది.

మరొక జాగ్రత్త అవసరం. పూర్వపు లెక్కలో వారం సూర్యోదయంతో మారుతుంది. 'శుక్రవారం రాత్రి తెల్లవారుజామున' అని ఉంటే ఇంగ్లీషు తేదీ శనివారానిది అవుతుంది.

సర్వీసు తేదీ, ఇంటి తేదీ

పుట్టిన తేదీలలో మన ఉద్యోగులకు బాగా తెలిసిన ఒక తేడా ఉన్నది. జాతకచక్రంలో ఒక తేదీ, పాఠశాల రిజిస్టరులో మరొక తేదీ ఉండడం పాత తరంలో సాధారణం. బడిలో చేర్చిన రోజున ఉపాధ్యాయుడు వయస్సు అంచనా వేసి వ్రాసుకొన్నదే తరువాత ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలోనికి, అక్కడ నుండి సర్వీసు రికార్డులోనికి వచ్చింది. వీనిలో ఒకటి కొట్టివేసి రెండవది నిలపడం సరికాదు. 'జాతకం ప్రకారం', 'రికార్డు ప్రకారం' అని రెండూ ముద్రించాలి. పదవీ విరమణ కాగితాలు వెదకేవారికి రెండవది, షష్టిపూర్తి సంవత్సరం సరిచూసుకొనేవారికి మొదటిది కావాలి.

ఏ తేదీ తేలకపోయినా 'సుమారు 1900' అని వ్రాయడం, ఒక తేదీని కల్పించి వ్రాయడం కంటె నయం. ఒకసారి అచ్చులో పడిన తేదీని తరువాతి తరం ప్రశ్నించదు. బంధువులు పంపిన అసలు కాగితాలపై దిద్దుబాట్లు చేయక, విడిగా ఒక నోటుపుస్తకంలో ఎవరు ఏమి వ్రాశారో, మనం దేనిని ఎందుకు స్వీకరించామో ఒక్కొక్క వాక్యంలో వ్రాసి ఉంచాలి. రెండవ ముద్రణ నాటికి అసలు చిట్టా మరొకటి దొరికితే, ఎక్కడ మార్చవలసి ఉన్నదో ఆ నోటుపుస్తకమే చెబుతుంది.