టెండర్ సందేహం అడిగే తీరు

కేంద్ర సంస్థ ఒకటి స్కూలు బల్లలకు టెండర్ పిలిచిందనుకుందాం. ఒక చిన్న తయారీదారు ఇలా మెయిల్ పెట్టాడు: "సార్, మూడేళ్ల అనుభవం అన్నారు, మేం కుర్చీలు ఎక్కువ చేశాం, పర్లేదా? డిపాజిట్ కూడా కట్టాలా?"

దీనికి ఏ అధికారి అయినా "టెండర్ షరతుల ప్రకారం" అని ముగించేస్తారు. ఏ షరతు గురించో ప్రశ్నలో లేదు మరి. పైగా రెండు సందేహాలు ఒకే వాక్యంలో కలిసిపోతే ఒకదానికే జవాబొస్తుంది. అదే సందేహాన్ని ఇలా రాయాలి:

1. పేజీ 14, క్లాజు 4.2: "ఇలాంటి సరుకు సరఫరాలో మూడేళ్ల అనుభవం". స్కూలు కుర్చీల సరఫరాను ఇలాంటి సరుకుగా పరిగణిస్తారా?

2. పేజీ 9, క్లాజు 3.1: బిడ్ సెక్యూరిటీ. ఉద్యమ్ నమోదున్న సూక్ష్మ, చిన్న తయారీదారులకు 2017 సాధారణ ఆర్థిక నియమాల్లోని 170వ నియమం ప్రకారం మినహాయింపు వర్తిస్తుందా? వర్తిస్తే ఏ పత్రం జతచేయాలి?

క్లాజులోని మాటల్ని ఉన్నవున్నట్టు ఎత్తిరాయడమే ఇక్కడ కీలకం. అప్పుడు అధికారి అవునో కాదో చెప్పక తప్పదు. "మేం", "మా కంపెనీ" అన్న మాటలు తీసేయడమూ మంచిదే. ప్రశ్నలూ జవాబులూ సాధారణంగా పోటీదారులందరికీ కనిపిస్తాయి, మన లోటు వాళ్లకు తెలియనక్కర్లేదు.

ప్రీబిడ్ ప్రశ్నల గడువు దాటాక ఎంత చక్కగా అడిగినా పట్టించుకోకపోవచ్చు. ఫోన్లో ఎవరో "పర్లేదు" అన్నదాన్ని నమ్మి బిడ్ వేయకండి. రాతపూర్వక జవాబు, షరతు మారితే సవరణ ప్రకటన వచ్చేదాకా పాత క్లాజే చెల్లుతుంది.