సెన్సర్ వెలుగుతుంది, ఇన్‌పుట్ వెలగదు

బస్తాల్లో బియ్యం నింపే యంత్రం ఉందనుకుందాం. సంచి నోటిని పట్టుకునే క్లాంపు మూసుకుందో లేదో చెప్పడానికి పక్కనే ఒక ప్రాక్సిమిటీ సెన్సర్ బిగిస్తారు. అది పాడైతే బజారు నుంచి అదే లావున్న, అవే మూడు తీగలున్న కొత్తది తెచ్చి పెట్టారు. ఇనుము దగ్గరికి రాగానే సెన్సర్ వెనక లైటు వెలుగుతోంది. పీఎల్‌సీ మీద మాత్రం ఆ ఇన్‌పుట్ లైటు వెలగదు. తీగ తెగిందేమోనని వెతుకుతారు, కార్డు పోయిందేమోనని అనుమానిస్తారు. రెండూ బాగానే ఉంటాయి. పాత సెన్సర్ పీఎన్‌పీ, కొత్తది ఎన్‌పీఎన్. అంతే తేడా.

రెండింటికీ బ్రౌన్ తీగ 24 వోల్టుల ప్లస్‌కి, బ్లూ తీగ సున్నా వోల్టులకి వెళ్తాయి. నల్ల తీగ సిగ్నల్. ఇనుము కనపడగానే పీఎన్‌పీ తన నల్ల తీగను లోపల ప్లస్‌కి కలుపుతుంది, అంటే కరెంటు బయటికి ఇస్తుంది. ఇది సోర్సింగ్. ఎన్‌పీఎన్ అదే తీగను సున్నాకి కలుపుతుంది, కరెంటును లోపలికి లాక్కుంటుంది. ఇది సింకింగ్. కాలువ పైన తూము ఎత్తినా, కింద గట్టు తెంపినా నీళ్లు పారతాయి కదా, అలాంటిదే.

పీఎల్‌సీ ఇన్‌పుట్ లోపల ఉండేది ఒక చిన్న ఎల్‌ఈడీ. దాని ఒక కొస ఇన్‌పుట్ టెర్మినల్‌కి, రెండో కొస కామన్‌కి. సెన్సర్ కరెంటు ఇస్తే అది పుచ్చుకునే ఇన్‌పుట్ కావాలి, కాబట్టి కామన్ సున్నాకి కట్టాలి. సెన్సర్ లాక్కునేదైతే ఇన్‌పుట్ ఇవ్వాలి, కామన్ ప్లస్‌కి కట్టాలి. పీఎన్‌పీకి సింకింగ్ ఇన్‌పుట్, ఎన్‌పీఎన్‌కి సోర్సింగ్ ఇన్‌పుట్. అయితే కంపెనీల మాన్యువళ్లలో పేర్లు ఒకేలా ఉండవు. మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్3యూలో సింక్ ఇన్‌పుట్ అంటే ఎన్‌పీఎన్‌కి కట్టేది! అందుకే పేరును నమ్మకుండా కామన్ దేనికి కలిపారో చూడడమే క్షేమం.

మన యంత్రంలో సీమెన్స్ ఎస్7-1200 రకం 1214సీ ఉందనుకోండి. దాని 14 ఇన్‌పుట్లకూ కలిపి ఒకటే కామన్, 1ఎం. పీఎన్‌పీ సెన్సర్ల కోసం దాన్ని సున్నాకి కట్టి ఉంచారు. ఇప్పుడు ఎన్‌పీఎన్ ఆన్ అయితే ఇన్‌పుట్ టెర్మినల్ సున్నాకి వస్తుంది. అవతల కామన్ కూడా సున్నాయే. రెండు కొసల్లోనూ ఒకే వోల్టేజి ఉంటే కరెంటు ఎలా పారుతుంది?

కొన్ని ఎన్‌పీఎన్ సెన్సర్లలో బ్రౌన్‌కీ నల్ల తీగకూ మధ్య లోపలే ఒక రెసిస్టరు ఉంటుంది. అది 10 కిలో ఓమ్‌లైతే తంటా ఇంకోలా ఉంటుంది. ఈ ఇన్‌పుట్ 24 వోల్టుల దగ్గర సుమారు 4 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే దాదాపు 6 కిలో ఓమ్‌లు. ఇనుము లేనప్పుడు టెర్మినల్ దగ్గర దాదాపు 9 వోల్టులు నిలుస్తాయి. ఈ కార్డుకి 5 వోల్టుల లోపు ఆఫ్, 15 దాటితే ఆన్. 9 రెండింటికీ మధ్యలో పడింది. లైటు మినుకుమంటుంది, లేదా ఇనుము తీసేస్తే ఆన్ అయినట్టు కనిపిస్తుంది. పైగా ఒక్కో కార్డు ఒక్కో తీరు.

మీటరుతో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. సెన్సర్ నల్ల తీగను కార్డు నుంచి విప్పి, నల్ల తీగకీ బ్లూకీ మధ్య ఒక 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టరు పెట్టండి. ఇనుము చూపినప్పుడు దాని మీద 24కి దగ్గరగా వోల్టులు వస్తే పీఎన్‌పీ. రాకపోతే రెసిస్టరును బ్రౌన్‌కీ నల్ల తీగకీ మధ్యకి మార్చి చూడండి. అక్కడ వస్తే ఎన్‌పీఎన్. ఇది మామూలుగా ఆఫ్‌లో ఉండే సెన్సర్ల మాట.

కామన్‌ను ప్లస్‌కి మార్చేద్దామని కొందరికి తోస్తుంది. అలా చేస్తే ఈ ఒక్కటీ పని చేస్తుంది, మిగతా 13 ఇన్‌పుట్ల మీదున్న పీఎన్‌పీలు మూగబోతాయి. సెన్సర్ దొరికేదాకా యంత్రం ఆగకూడదనుకుంటే 24 వోల్టుల చిన్న రిలే కాయిల్‌ను ప్లస్‌కీ నల్ల తీగకీ మధ్య, డయోడ్‌తో సహా కట్టి, దాని కాంటాక్టు ద్వారా ప్లస్‌ను ఇన్‌పుట్‌కి ఇవ్వొచ్చు. క్లాంపు లాంటి నిదానపు పనికి చాలు. గబగబా లెక్కపెట్టే చోట రిలే అందుకోలేదు, కాంటాక్టులూ అరిగిపోతాయి.

సెన్సర్‌కి వేరే పవర్ సప్లై వాడితే, రెండు సప్లైల సున్నాలనూ కలపాలి. కలపకపోతే సరైన సెన్సర్ కూడా పని చేయదు.

కొత్త ప్యానెల్‌కి నేనైతే పీఎన్‌పీయే సిఫారసు చేస్తాను. సున్నాను యంత్రం ఎర్త్‌కి కలిపిన చోట, నల్ల తీగ తోలు ఊడి ఇనుప బాడీకి తగిలిందనుకోండి. ఎన్‌పీఎన్ అయితే సెన్సర్ ఆన్ అయిందని పీఎల్‌సీ అబద్ధం నమ్ముతుంది, క్లాంపు మూసుకోకుండానే బియ్యం పడతాయి. పీఎన్‌పీ అయితే ఇన్‌పుట్ ఆఫ్‌లోనే ఉండిపోతుంది, యంత్రం ఆగుతుంది.

దుకాణానికి వెళ్లేటప్పుడు పాత సెన్సర్ చేత్తో పట్టుకెళ్లండి. లావూ పొడవూ కాదు, ఒంటి మీద అచ్చేసిన బొమ్మను పోల్చండి: లోడు నల్ల తీగకీ బ్లూకీ మధ్య గీసుంటే పీఎన్‌పీ, బ్రౌన్‌కీ నల్ల తీగకీ మధ్య గీసుంటే ఎన్‌పీఎన్.