బడిగా నడిచే తుఫాను రక్షిత భవనం: కట్టే ముందు తెలుసుకోవలసినవి

సముద్రతీర గ్రామంలో ఒక పాఠశాల కట్టించాలన్న ప్రతిపాదన మన సొసైటీ ముందుకు వచ్చినప్పుడు, అదే భవనం తుఫాను నాడు ఊరివారికి ఆశ్రయంగా కూడా ఉండాలని పలువురు సభ్యులు కోరారు. కోరిక మంచిదే. అయితే మామూలు బడిని రెండంతస్తులు చేసినంత మాత్రాన అది తుఫాను రక్షిత భవనం కాదు. డబ్బు చాలనప్పుడు ఏది తగ్గించవచ్చో, ఏది తగ్గించకూడదో దాతలకు ముందే తెలియడం మంచిదని ఈ వివరాలు వ్రాస్తున్నాము.

1977 నవంబరు 19న దివిసీమలో జరిగింది మన పెద్దలు మరచిపోలేదు. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పది వేల మంది పోయారు. గాలికి ఇళ్లు కూలి పోయినవారికన్నా, చీకట్లో వచ్చి పడిన ఉప్పెనలో కొట్టుకుపోయినవారే ఎక్కువ. 1991 ఏప్రిల్ 29న బంగ్లాదేశ్ తీరాన్ని తాకిన తుఫానులో సుమారు 1,40,000 మంది మరణించారు. అక్కడ అప్పటికే కొన్ని ఆశ్రయ భవనాలు ఉన్నాయి. వాటిలోకి చేరినవారు చాలావరకు బతికారు. కాని మృతుల్లో పురుషులకన్నా స్త్రీలు చాలా ఎక్కువ. పరాయి మగవారితో కిక్కిరిసిన గదిలో, మరుగుదొడ్డి వసతి లేనిచోట రాత్రంతా గడపడానికి జంకి కొందరు ఇళ్లలోనే ఉండిపోయారు. భవనం నిలవడం ఒక ఎత్తు, జనం అందులోకి రావడం ఇంకో ఎత్తు. రెండూ నక్షాలోనే తేలాలి.

లెక్క తేలికగా అర్థం కావడానికి ఒక ఊరిని ఊహించుకుందాం. జనాభా 700. పక్కా మిద్దెలున్నవారూ, హెచ్చరిక రాగానే బస్సులెక్కి పట్నం వెళ్లేవారూ పోగా 400 మందికి చోటు కావాలి. ఒక్కొక్కరు కాళ్లు ముడుచుకుని కూర్చోవడానికి, పక్కన మూట పెట్టుకోవడానికి 5 చదరపు అడుగులు అనుకుంటే 2000 చదరపు అడుగులు. అంటే 20 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు గల నాలుగు తరగతి గదులు. ఒక ప్రాథమికోన్నత పాఠశాలకు కూడా దాదాపు ఇదే కావాలి. వరండాను ఈ లెక్కలో కలపకూడదు. ఆ రాత్రి అక్కడ ఎవరూ నిలబడలేరు.

మొదటి ప్రశ్న, ఈ గదులు నేల నుంచి ఎంత ఎత్తున ఉండాలి? ఇక్కడే చాలా నక్షాలు తప్పుతాయి. దివిసీమలో నాటి ఉప్పెన సముద్రమట్టం మీద సుమారు 5 మీటర్లు లేచింది. మన ఊరి నేల సముద్రమట్టానికి 2 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, ఊళ్లో నిలిచే నీటి లోతు 3 మీటర్లు. దాని మీద అలలు ఉంటాయి. వాటికి ఇంకో ఒకటిన్నర మీటరు కలపాలి. మొత్తం నాలుగున్నర మీటర్లు, అంటే 15 అడుగులు. ఈ ఎత్తు పై అంతస్తు దూలాల అడుగు భాగానికి వర్తిస్తుంది, గచ్చుకు కాదు. మామూలు అంతస్తు ఎత్తు 10 అడుగులే. అందువల్ల "రెండో అంతస్తు ఉంది కదా" అన్న ధీమా పనికిరాదు. ఆ ఊళ్లో పాత గోడల మీద నీటి గుర్తులు ఎక్కడున్నాయో ముసలివారిని అడిగి, సర్వే మట్టాలతో పోల్చి చూసిన తరువాతే ఎత్తు నిర్ణయించాలి.

ఆ పదిహేను అడుగుల కింది భాగం ఖాళీగా, స్తంభాల మీద నిలవాలి. నీరు వాటి మధ్య నుంచి దూసుకుపోవాలి. గాలి లెక్కకు భారత ప్రమాణాల్లో కృష్ణా తీరానికి మూల వేగం సెకనుకు 50 మీటర్లు. తుఫాను తరువాత కూడా పనిచేయవలసిన భవనాలకు దానిని 1.3 రెట్లు చేస్తారు. అప్పుడు గంటకు 234 కిలోమీటర్ల గాలి అవుతుంది. అది ఒక చదరపు మీటరు గోడ మీద సుమారు 250 కిలోల బరువుతో నెడుతుంది. సెకనుకు 3 మీటర్ల వేగంతో పారే నీరు అదే గోడను 450 కిలోలకు పైగానే నెడుతుంది. కింద గోడలు కడితే ఈ తోపుడంతా స్తంభాల మీద పడుతుంది.

మేము చూసిన ఒక భవనంలో కింది ఖాళీ వృథాగా ఉందని సిమెంటు గోడలు కట్టి సామాన్ల గది చేశారు. కట్టినవారి ఉద్దేశం మంచిదే, భవనానికి మాత్రం అదే ముప్పు. ఆ నీడలో పిల్లలు భోజనాలకు కూర్చోవచ్చు, ఆడుకోవచ్చు. మూత తప్పనిసరి అయితే తడికలు కట్టుకోవాలి. అవి కొట్టుకుపోయినా నష్టం లేదు.

పారే నీరు స్తంభాల మొదట్లో ఇసుకను తోడేస్తుంది. అందుకని పైపైన పునాదులు వేయక, పైల్స్ దింపి, వాటి తలలను దూలాలతో కలిపి కట్టాలి. పైకప్పు శ్లాబే కావాలి. రేకులు ఈ గాలికి నిలవవు. ఇక ఉప్పు గాలి ప్రతిరోజూ చేసే హాని ఉంది. ఊచల మీద 50 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు, ఎం 35 రకం కాంక్రీటు ఉండాలి. ఊళ్లో దొరికే ఉప్పునీటితో కాంక్రీటు కలపకూడదు, తడపకూడదు. మేస్త్రీ తేలికగా తీసుకునేది ఈ విషయాన్నే. తరువాత స్తంభం మీద ఊచ వెంబడి నిలువు పగులు, తుప్పు మరక కనిపించినా, సుత్తితో తట్టితే డొల్ల మోత వచ్చినా లోపల ఇనుము ఉబ్బుతోందని గ్రహించాలి. పైన సున్నం కొడితే మరక పోతుంది గాని తుప్పు పోదు.

రెండో ప్రశ్న కిటికీలు. బడికి వెలుతురు, గాలి కావాలి. ఆశ్రయానికి మూసిన గది కావాలి. గాలి వచ్చే వైపు ఒక్క తలుపు ఊడినా గాలి లోపలికి చొరబడి కప్పును కింది నుంచి పైకి తోస్తుంది. పైన వీచే గాలి అదే కప్పును పైకి పీలుస్తుంది. రెండూ కలిస్తేనే కప్పులు లేచిపోతాయి. అందుచేత పెద్ద కిటికీలు రెండు మూడు పెట్టే బదులు, 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు గలవి గదికి ఆరు పెట్టాలి. ఎదురెదురు గోడల్లో మూడేసి ఉంటే పుస్తకానికి వెలుతురు, ఒంటికి గాలి రెండూ అందుతాయి. గోడ మూలల్లో గాలి లాగుడు ఎక్కువ కాబట్టి మూలకు కనీసం రెండడుగుల లోపలికి ఉండాలి. అద్దాలు వద్దు. గట్టి చెక్క రెక్కలు, పైనా కిందా మధ్యనా గడియలు ఉండాలి. గది తలుపులు బయటికి తెరుచుకోవాలి. బయటి గాలి నెట్టినప్పుడు అవి చౌకట్టుకే నొక్కుకుంటాయి, జనం తొక్కిసలాటలో లోపల ఇరుక్కోవు.

అన్నీ మూస్తే వంద మంది ఉన్న గదిలో ఊపిరాడదు. కప్పు కింద రెండు వైపులా మూసుకునే వీలున్న చిన్న గవాక్షాలు పెట్టి, గాలి వీచే వైపువి మూసి, అవతలివి తెరవాలి. తుఫాను కన్ను మన ఊరి మీదుగా పోతే, అంతవరకు ఉత్తరం, ఈశాన్యం నుంచి కొట్టిన గాలి ఒక్కసారిగా ఆగుతుంది. కొంతసేపటికి దక్షిణం, నైరుతి నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. ఆ ప్రశాంతతలో ఇల్లు చూసి వద్దామని బయటికి వెళ్లినవారు తిరిగి రాకపోవచ్చు. ఆ వ్యవధిలో చేయవలసిన పని గవాక్షాలు మార్చడం ఒక్కటే.

మూడోది నీరు. ఉప్పెన తరువాత బావులు ఉప్పుబారతాయి, కరెంటు ఉండదు, దారులు తెగుతాయి. మనిషికి రోజుకు 3 లీటర్ల తాగునీటి చొప్పున 400 మందికి మూడు రోజులకు 3600 లీటర్లు. దానికి 4000 లీటర్ల తొట్టి, మరుగుదొడ్ల వాడకానికి 6000 లీటర్ల తొట్టి, రెండూ వేర్వేరుగా శ్లాబు మీద కాంక్రీటుతో కట్టాలి. ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీగా ఉంటే గాలికి ఎగిరిపోతుంది. తొట్ల బరువు పది టన్నులు దాటుతుంది కనుక అవి స్తంభాల మీదే కూర్చోవాలి. ఈ సంగతి ఇంజనీరుకు మొదటే చెప్పాలి.

ఆ రాత్రికి తొట్టి నిండుగా ఉండడం ఎలా? బడికి నీళ్లిచ్చే కుళాయి గొట్టాన్ని తొట్టి అడుగున కాక సగం ఎత్తులో పెట్టాలి. కింది సగం ఎప్పుడూ మిగులుతుంది. అడుగున ఇంకో కుళాయి పెట్టి తాళం వేయాలి. నీరు నింపే గొట్టాన్ని తొట్టి అడుగు దాకా దింపితే కొత్త నీరు పాత నీటిని పైకి నెడుతుంది, అడుగు నీరు మురగదు. హెచ్చరిక రాగానే, కరెంటు ఉండగానే, తొట్లు నింపడం మొదటి పని. 1000 లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చొప్పున తాగునీటి తొట్టికి 10 గ్రాములు కలిపి, అరగంట ఆగి తాగాలి.

చివరిది మరుగుదొడ్లు. డబ్బు చాలనప్పుడు మొదట కత్తిరించేదీ, జనం రాకుండా ఆపేదీ ఇదే. యాభై మందికి ఒకటి చొప్పున ఎనిమిది కావాలి. ఐదు స్త్రీలకు, మూడు పురుషులకు. రెండూ పై అంతస్తులోనే, భవనానికి చెరొక కొసన ఉండాలి. వరండాలోకి రాకుండా గది లోపలి నుంచే దారి ఉండాలి. నాలుగు గదుల్లో స్త్రీల దొడ్ల వైపు రెండింటిని స్త్రీలకు, పసిపిల్లలకు కేటాయిస్తే గోషా పాటించేవారే కాదు, పాలిచ్చే తల్లులూ నిండు గర్భిణులూ నిశ్చింతగా వస్తారు.

కింద దొడ్లు కట్టి, సెప్టిక్ ట్యాంకు నేలలో పాతితే ఉప్పెన నీరు అందులోకి దూరి మలినం పైకి తన్నుతుంది. దొడ్లు పైనే ఉంటే ట్యాంకును నేల మీదే స్తంభాల మధ్య కాంక్రీటుతో కట్టవచ్చు. దాని మూత బిగుతుగా ఉండాలి, గాలి గొట్టం వరద మట్టం దాటి పైకి పోవాలి, నీరు తేల్చేయకుండా ట్యాంకును పునాదికి కట్టివేయాలి. నీరు తీసేదాకా బయటికి పారుదల ఉండదు కాబట్టి కొంత ఎక్కువ పరిమాణంలో కట్టడం మేలు.

బడిపిల్లలకు ఎనిమిది అవసరం లేదని నాలుగింటికి శాశ్వతంగా తాళం వేయకూడదు. వాడని దొడ్డి కొన్నేళ్లలో పాడవుతుంది. నెలకొకసారి తాళాలు మార్చి అన్నీ వాడాలి. మెట్లు ఆరడుగుల వెడల్పుతో, రెండు వైపులా కమ్మీలతో ఉండాలి. మంచం మోసేవారు మలుపులో తిరగగలగాలి. నడవలేని పిల్లవాడు రోజూ బడికి ఎక్కడానికి వాలుదారి కూడా కావాలి. అడుగు ఎత్తుకు 12 అడుగుల చొప్పున అది 200 అడుగుల పొడవు తేలుతుంది కనుక స్థలం కొనేటప్పుడే లెక్కలో చేర్చాలి.

విరాళాలు అనుకున్నంత రాకపోతే గదుల సంఖ్య తగ్గించి 400 బదులు 300 మందికి కట్టవచ్చు. రంగులు, గ్రిల్సు, ప్రహరీ గోడ తరువాత చేసుకోవచ్చు. అంతస్తు ఎత్తు, పునాది లోతు, తొట్లు, స్త్రీల మరుగుదొడ్లు మాత్రం తగ్గించరాదు. నక్షా సభ్యుల ముందుకు వచ్చిన రోజున దూలం అడుగు నేలకు ఎన్ని అడుగుల ఎత్తున ఉందో, రాత్రి రెండు గంటలకు ఒక గర్భిణి ఏ దారిన దొడ్డికి వెళుతుందో, భవనం తాళంచెవి ఊళ్లో ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. మూడింటికీ సరైన జవాబు వచ్చిన తరువాతే సంతకం చేయవలసిందిగా కోరుతున్నాము.