అడిగినవి మూడు, దక్కినవి రెండు

మదీనాలో ప్రవక్త మసీదుకు కొద్ది దూరంలో మస్జిద్ అల్ ఇజాబా ఉంది. అప్పట్లో అది బనూ ముఆవియా తెగవారి మసీదు. ఒకరోజు ప్రవక్త ముహమ్మద్ అటుగా వెళ్తూ లోపలికి వెళ్లి, రెండు రకాతుల నమాజు చేశారని, ఆ తర్వాత చాలాసేపు దువా చేశారని 'సహీహ్ ముస్లిం' హదీసు గ్రంథంలో ఉంది.

నమాజు, దువా రెండూ ప్రార్థనలే. అయితే నమాజుకు వేళ ఉంది, వుజూ చేసుకోవాలి, కాబా వైపు తిరగాలి, అరబీలో చదవాలి. రోజుకు ఐదు పూటలా అది విధి. దువాకు ఈ కట్టుబాట్లేవీ లేవు. బస్సులో కూర్చునీ, ఆసుపత్రి వరండాలో నిలబడీ, తెలుగులోనో ఉర్దూలోనో మనసులోని మాట అల్లాహ్‌కు చెప్పుకోవచ్చు. ముందు అల్లాహ్‌ను స్తుతించి, ప్రవక్తపై దరూద్ చదివి, ఆపైన కోరిక చెప్పుకోవడం మర్యాద. నమాజు ముగించి అరచేతులు చాచి కూర్చునేవాళ్లు చేసేది ఇదే.

మళ్లీ మదీనాకు వద్దాం. ప్రవక్త బయటికి వచ్చి, తాను మూడు అడిగానని చెప్పారు. తన సముదాయం కరువుతో నశించకూడదు, నీట మునిగి నశించకూడదు, తమలో తాము కొట్టుకోకూడదు. మొదటి రెండూ దక్కాయి. మూడోది దక్కలేదు.

దువా ఫలించకపోతే 'నీ విశ్వాసంలోనే లోపముంది' అని ఎదుటివాళ్లను నొప్పించేవాళ్లు ఈ హదీసును ఒకసారి తలచుకోవాలి. అడిగింది సాక్షాత్తూ ప్రవక్తే కదా! అడిగేవారి వైపు నుంచి అడ్డంకులు ఉండవచ్చని హదీసులు చెప్పే మాట నిజమే. హరాం సంపాదన, పాపపు కోరిక, బంధుత్వం తెంచే కోరిక, 'ఎంత అడిగినా ఇవ్వడం లేదు' అని విసిగి మానేయడం అలాంటివే. కానీ ప్రతి నిరాశకూ కారణం అవే కావు.

మరొక హదీసు ప్రకారం, పాపం లేని దువాకు ఫలం మూడు విధాలు: అడిగింది త్వరగా దక్కుతుంది, లేదా పరలోకానికి నిల్వ ఉంటుంది, లేదా అంతే పరిమాణంలో రాబోయే కీడు తొలగిపోతుంది. చివరి రెండూ బతికుండగా కంటికి కనిపించేవి కావు. తప్పిపోయిన కీడు ఏదో ఎవరికి తెలుస్తుంది? అందుకే బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఈ మాట వెంటనే ఓదార్పు కాకపోవచ్చు. ఇది లెక్క తేల్చుకునే విషయం కాదు, నమ్మకం.

పెళ్లి, ఉద్యోగం వంటి నిర్ణయాల ముందు చేసే ఇస్తిఖారాలో ఈ నమ్మకం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. రెండు రకాతుల నమాజు చేసి, దాని దువా చదువుతారు. ఈ పని నాకు మేలైతే సులువు చెయ్యి, కీడైతే నా నుంచి తప్పించు, మేలు ఎక్కడున్నా అది నాకిచ్చి దానితో తృప్తిపడేలా చెయ్యి అని దాని సారాంశం. అంటే కోరింది దక్కకపోయే అవకాశాన్ని కోరేవాడే ముందుగా తన దువాలో కలుపుకుంటున్నాడు.