పప్పన్నం బొమ్మకి ఎందుకు నవ్వుతారు?

అరిటాకులో వేడన్నం, మీద ముద్దపప్పు, ఆ పైన కరుగుతున్న నెయ్యి. బొమ్మ కింద ఒక్క ముక్క: "శ్రావణం వచ్చేసింది." పెళ్లికాని తెలుగు కుర్రాడు దీన్ని ఫోన్‌లో చూసి తల పట్టుకుంటాడు, నవ్వుతాడు, వెంటనే తనలాంటి మరో నలుగురికి పంపిస్తాడు. పక్క సీట్లో ఉన్న జైపూర్ స్నేహితుడికో, వీడియో కాల్‌లో ఉన్న జర్మనీ మేనేజరుకో అదే బొమ్మ చూపిస్తే ఏదో హోటల్ ప్రకటన అనుకుంటారు. వాళ్లకి ఇందులో నవ్వు ఎక్కడుందో చెప్పాలంటే పప్పు దగ్గర మొదలుపెట్టి పంచాంగం దాకా వెళ్లాలి.

మన పెద్దవాళ్లు "పెళ్లెప్పుడు చేసుకుంటావు?" అని సూటిగా అడగడం తక్కువ. "ఏరా, మాకు పప్పన్నం ఎప్పుడు పెడతావు?" అంటారు. పెళ్లి భోజనంలో పప్పూ నెయ్యీ తప్పవు కాబట్టి పప్పన్నం అంటే పెళ్లే. అడిగేవాళ్ల గొంతులో రావలసిన బాకీని గుర్తుచేస్తున్న ధోరణి ఉంటుంది. నిజానికి అది బాకీయే. మన పెళ్లిళ్లలో చదివింపులు రాసుకునే పుస్తకం ఒకటి ఉంటుంది. ఎవరు ఎంత చదివించారో పేరూ ఊరూ వేసి రాస్తారు. రేపు వాళ్లింట్లో శుభకార్యమైతే ఆ పుస్తకం తీసి చూసి, అంతకు తగ్గకుండా తిరిగి పెడతారు. మీ అమ్మానాన్నలు ఏళ్ల తరబడి ఊళ్లవాళ్ల పెళ్లిళ్లన్నిటికీ వెళ్లి కవర్లు ఇచ్చి వచ్చారు. ఆ లెక్క వెనక్కి రావడానికి ఉన్న పెద్ద సందర్భం మీ పెళ్లి. అవతలివాళ్లకీ అంతే, మీ ఇంటి చదివింపు వాళ్ల నెత్తిమీద తీరకుండా ఉంది. కాబట్టి పెద్దమ్మ అడిగే పప్పన్నంలో ప్రేమతో పాటు రెండిళ్ల మధ్య జమాఖర్చు కూడా కొంత కలిసి ఉంటుంది. చదివింపుల పుస్తకం మీద వచ్చే మీములు ఇందుకే పెళ్లికానివాళ్లకంటే వాళ్ల నాన్నలకి ఎక్కువ నచ్చుతాయి.

ఇక శ్రావణం సంగతి. ఈ మీములు ఏడాది పొడుగునా ఒకేలా రావు. పెళ్లి ముహూర్తాలతోపాటే వస్తాయి, వాటితోపాటే పోతాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్లిళ్లకి పనికిరావు. అధికమాసం వస్తే అదీ పనికిరాదు. మాఘ, ఫాల్గుణాలు, వైశాఖ, జ్యేష్ఠాలు, శ్రావణం, కార్తిక, మార్గశిరాలు మంచివి. అవి కూడా మౌఢ్యం లేకపోతేనే. గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి ఆ వెలుగులో కనిపించకుండా పోయే రోజుల్ని మౌఢ్యం అంటారు, జనం నోట్లో మూఢం. గురుమౌఢ్యం సుమారు నెల పడుతుంది. శుక్రుడు సూర్యుడికి అవతలి వైపు నుంచి దాటేటప్పుడు రెండు నెలలు కూడా దాటవచ్చు. ఆ రోజుల్లో తాళి కట్టించడానికి పురోహితుడు ఒప్పుకోడు.

2024 వేసవే తీసుకోండి. ఏప్రిల్ చివర్లో శుక్రమౌఢ్యం మొదలైంది. మే నెలలో గురుమౌఢ్యం వచ్చి దానిమీద పడింది. రెండూ అయ్యేసరికి జులైలో ఆషాఢం కాచుకుని ఉంది. మామూలుగా మే అంటే పెళ్లిళ్ల నెల. సెలవులుంటాయి, మామిడిపళ్లుంటాయి, చుట్టాలంతా ఊళ్లోనే ఉంటారు. అలాంటి మే, జూన్, జులై నెలలు మూడూ కల్యాణ మండపాలకి దాదాపు ఖాళీ అయ్యాయి. ఫంక్షన్ హాలు యజమానికీ, క్యాటరింగ్ చేసేవాడికీ, సన్నాయి మేళానికీ అది గడ్డుకాలం. పెళ్లికాని ముప్పై ఏళ్లవాడికి మాత్రం మూడు నెలల అభయం. ఎవరైనా అడిగితే "మూఢం కదా పిన్నీ" అంటే చాలు, ఆ మాటకి తిరుగులేదు. ఆగస్టులో శ్రావణం రాగానే ఆగిపోయిన పెళ్లిళ్లన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. మొదట్లో చెప్పిన పప్పన్నం బొమ్మలో భయం అక్కడిది. చుట్టాలు వరసగా పెళ్లిళ్లలో కలుస్తారు, కలిసిన ప్రతిచోటా అదే ప్రశ్న.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఇదింకో రకంగా తగులుతుంది. వాళ్లకి దొరికేది డిసెంబరులో మూడు వారాల సెలవు. ఆ కాస్తలో దిగడం, పెళ్లిచూపులు, కుదిరితే తాంబూలాలు, అదృష్టం బాగుంటే పెళ్లి. 2025 నవంబరు చివర్లో మొదలైన శుక్రమౌఢ్యం ఫిబ్రవరి మధ్యదాకా సాగింది. టిక్కెట్టు నెలల ముందే కొనుక్కున్నవాడు ఊళ్లో దిగి సంబంధాలు చూసి, ముహూర్తం లేక వట్టి చేతులతో విమానం ఎక్కాడు. "శుక్రుడికి స్టాంపింగ్ అవ్వలేదు" లాంటి జోకు మన వీసా కష్టాలు తెలిసినవాళ్లకే అర్థమవుతుంది.

అడిగేది ఎవరన్నది తర్వాతి ముడి. ఉత్తరాది మీముల్లో ఈ పాత్ర ఎదురింటి ఆంటీది, అంటే వినోదం చూడ్డానికి వచ్చిన మనిషిది. తెలుగు మీములో ఎక్కువగా మేనత్త కనబడుతుంది. తేడా చిన్నది కాదు. ఉత్తరాదిలో చాలా హిందూ కుటుంబాల్లో మేనత్త పిల్లలు అన్నాచెల్లెళ్ల వరస. మనకి బావామరదళ్ల వరస. మేనరికాలు ఇప్పుడు తగ్గాయి, దగ్గర రక్తసంబంధం వల్ల పుట్టే పిల్లలకి వచ్చే ఇబ్బందులు డాక్టర్లు చెప్పగా చెప్పగా జనానికి తెలిశాయి. అయినా వరస పోలేదు, హాస్యం అసలే పోలేదు. పెళ్లీడు కూతురున్న మేనత్త "ఏరా, ఎప్పుడు చేసుకుంటావు?" అన్నప్పుడు అది ఊసుపోక అన్న మాటో, సంబంధానికి తలుపు తట్టడమో వెంటనే తేలదు. అక్కడున్న పదిమందీ ఒక్క క్షణం ప్లేట్లో చెయ్యి ఆపి వింటారు. "మరదలి పెళ్లి కుదిరింది" అన్న ముక్క కింద బ్రహ్మానందం ఏడుపు మొహం పెట్టిన మీము చూసి జైపూర్ స్నేహితుడు విస్తుపోయేది ఇందుకే.

ఈ ప్రశ్నకి జవాబు అక్కర్లేదని బయటివాళ్లకి ముందే చెప్పాలి. తెలియక నిజాయితీగా జవాబు చెబితే చిక్కే. "ఇప్పుడే ఆలోచన లేదండీ" అంటే రాత్రికల్లా ఆ మాట మీ అమ్మకి చేరుతుంది, దాంతోపాటు "ఎవరినైనా ప్రేమించాడేమో కనుక్కో" అన్న సలహా కూడా. ఎదురు హాస్యమాడి "మంచి సంబంధం ఉంటే చూడండి" అన్నారో, మర్నాడు పొద్దున్నే వాట్సాప్‌లో బయోడేటా అడుగుతారు. అందులో నక్షత్రం, పాదం, గోత్రం, ఎత్తు, చదువు, ప్యాకేజీ అన్నీ రాయాలి. ఆస్తి గడి కూడా ఉంటుంది, కొందరు దాన్ని ఖాళీగా వదిలి "ఫోనులో మాట్లాడదాం" అంటారు. అనుభవం ఉన్నవాళ్లు వాడే జవాబు ఒక్కటే: "చూస్తున్నారత్తా." చూస్తున్నది ఎవరో, ఎవరిని చూస్తున్నారో చెప్పరు. అత్త తృప్తిగా తల ఊపి పక్కవాళ్ల మీదకి వెళుతుంది.

మ్యాట్రిమోనీ సైట్లు వచ్చి పాతికేళ్లు దాటినా ఈ అత్తల పని పోలేదు. సైటులో ఫొటో, జీతం దొరుకుతాయి. ఆ కుర్రాడు తాగుతాడా, వాళ్ల నాన్నకి అప్పులున్నాయా, అక్క అత్తారింట్లో సుఖంగా ఉందా అన్నవి తెలియాలంటే ఆ ఊళ్లో మనకి ఒక చుట్టం ఉండాలి. పెళ్లింట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని అందరినీ పలకరించే అత్త సేకరించేది ఆ సమాచారమే. మీములు ఆమెని పనిలేని మనిషిగా చూపిస్తాయి. నాకైతే ఆ పందిట్లో నిజంగా పనిచేస్తున్నది ఆమె ఒక్కతే అనిపిస్తుంది.

మగవాడికి ఈ అవస్థలో ఒక నాయకుడు కూడా ఉన్నాడు. 2004లో వచ్చిన 'మల్లీశ్వరి' సినిమాలో వెంకటేష్ వేసిన పాత్రకి ఊరు పెట్టిన పేరు పెళ్లికాని ప్రసాద్. వైజాగ్ బ్యాంకు ఉద్యోగి, వయసు మీరుతోంది, సంబంధం కుదరదు. సినిమా కథ మర్చిపోయినవాళ్లకి కూడా ఆ పేరు గుర్తుంది. 2025లో సప్తగిరి హీరోగా ఆ పేరుతోనే ఒక సినిమా వచ్చింది. మీముల్లో ఇప్పటికీ ప్రసాద్ మొహం కనబడితే వేరే మాట అక్కర్లేదు.

పెళ్లికాని ఆడపిల్లకి అలాంటి ముద్దుపేరు లేదు. ముప్పై దాటిన మగవాణ్ని చూసి నవ్వుతారు, అదే వయసు అమ్మాయిని చూసి గొంతు తగ్గిస్తారు. "ఏమ్మా, ఇంకా చదువుతావా?" అన్న ప్రశ్నలో పప్పన్నం ఉండదు. పక్కనే నిలబడ్డ చెల్లెలి వైపు ఒక చూపు ఉంటుంది, అక్కకి కాకుండా చెల్లికి ఎలా చేస్తారని. విడాకులు తీసుకున్నవాళ్లకీ, పెళ్లే వద్దనుకున్నవాళ్లకీ ఈ మీములు ఫ్యామిలీ గ్రూపులో వస్తే తప్పించుకునే దారి కూడా ఉండదు. అమ్మాయిలు చేసిన మీములు తక్కువగా కనిపిస్తాయి గానీ పదునుగా ఉంటాయి. వాటిలో అత్త ఉండదు, కాఫీ ట్రే ఉంటుంది.

ఒక జోకు మాత్రం మనది కాదు. పెళ్లిళ్లలో "నెక్స్ట్ నువ్వే" అని పొడిచే ముసలివాళ్లని చావింట్లో అదే మాటతో తిరిగి పొడిచాడట ఒకడు. ఇంగ్లీషులో ఎన్నాళ్లనుంచో తిరుగుతున్న జోకు, తెలుగులోకి దించి ఏ సీజనుకి ఆ సీజను పంపుతూనే ఉంటారు. నవ్వొచ్చినా అది మన పందిట్లో ఇమడదు. శుభం జరిగేచోట చావు మాట ఎత్తనివ్వని జనం మనం. పెద్దమ్మ ఆ మీముకి నవ్వదు, పంపినవాడి పేరు గుర్తుపెట్టుకుంటుంది.

ఇంత చెప్పాక మీ జైపూర్ స్నేహితుణ్నో, జర్మనీ మేనేజరునో ఒక పెళ్లికి తీసుకెళ్లండి. భోజనాల బంతిలో కూర్చోబెట్టి పప్పూ నెయ్యీ వేయించండి. కాసేపట్లో ఏ అత్తో వచ్చి ఎదురుగా నిలబడి "బాబుకి పెళ్లయిందా?" అని మిమ్మల్ని అడుగుతుంది. కాలేదని చెబితే ఆ తర్వాతి ప్రశ్న నక్షత్రం. అతనికి తెలియదంటే ఆమె వదలదు, పుట్టిన తేదీ, టైము చెప్పమంటుంది, సిద్ధాంతిగారు పక్క బంతిలోనే ఉన్నారంటూ.